తిరుపతిలో ఫ్లాట్ అద్దె ఎంత చెప్పాలి: పక్క ఫ్లాట్లను పోల్చి, ఖాళీ నెలలను లెక్కేసి తేల్చుకునే పద్ధతి

మా అక్కావాళ్లు బెంగళూరులో ఉంటారు. తిరుపతి ఎం.ఆర్.పల్లిలో వాళ్లకొక డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్ ఉంది. ఫిబ్రవరి నెలాఖరులో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేశారు. బావ ఫోన్‌లోనే రేటు తేల్చేశాడు: నెలకు 14,500, మెయింటెనెన్స్ 1,200 విడిగా. ఆ అంకె ఎక్కణ్ణుంచి వచ్చిందని అడిగితే రెండు కారణాలు చెప్పాడు. ఎదురు వీధిలో ఎవరో 16,500 అడుగుతున్నారట. పైగా ఇంటి లోన్‌కు నెలకు కట్టేది దాదాపు అంతే అవుతుందట. మార్చి గడిచింది, ఏప్రిల్ గడిచింది, మే సగానికి వచ్చింది. బాల్కనీ గ్రిల్‌కు కట్టిన టూ-లెట్ బోర్డు ఎండకు వెలిసిపోయింది. అప్పుడు అక్క నాకు ఫోన్ చేసి, "నువ్వు ఊళ్లోనే ఉండావు కదరా, కాస్త చూడు" అంది.

ఆ ఫ్లాట్‌కు అద్దె ఎలా తేల్చామో అదే వరసలో రాస్తున్నాను. ఇందులోని అంకెలన్నీ ఆ ఒక్క వీధివి, ఆ ఒక్క ఎండాకాలానివి. కొర్లగుంటకో తిరుచానూరుకో వీటిని ఎత్తుకుపోతే పనికిరావు. పద్ధతి మాత్రం ఎక్కడైనా నడుస్తుంది.

బావ చెప్పిన రెండు కారణాల్లో లోన్ సంగతి ముందు పక్కన పెట్టేద్దాం. మనం బ్యాంకుకు ఎంత కడుతున్నామన్నది అద్దెకు వచ్చేవాళ్లకు అక్కర్లేని విషయం. అదే బిల్డింగ్‌లో లోన్ తీరిపోయిన ఫ్లాట్ ఉంటే దానికి సున్నా అద్దె కాదు కదా. ఇంటి పన్ను, రిజిస్ట్రేషన్‌కు పెట్టిన ఖర్చు, వంటగదికి చేయించిన చెక్కపనికి అయిన బిల్లు కూడా అంతే. మన పెట్టుబడి గిట్టిందా లేదా అన్నది వేరే లెక్క. వచ్చేవాళ్లు ఆ వారంలో తాము చూసిన నాలుగైదు ఇళ్ల పక్కన మన ఇంటిని పెట్టి చూసుకుంటారు. కాబట్టి మనమూ ఆ నాలుగైదు ఇళ్లనే చూడాలి.

మొదటి పని: మన ఫ్లాట్‌ను ఉన్నదున్నట్టు కాగితం మీద పెట్టడం

ఇది అరగంట పని. టేపు తీసుకుని గదులు కొలవండి. పత్రాల్లో 1,050 చదరపు అడుగులని ఉన్నా అందులో గోడలు, మెట్లు, లిఫ్ట్ ముందరి జాగాలో మన వాటా కలిసి ఉంటాయి. లోపల కాలు పెట్టి తిరిగే చోటు అక్కావాళ్ల ఫ్లాట్‌లో 780 అడుగులే తేలింది. పక్క బిల్డింగ్‌లో 1,150 అని చెప్పే ఫ్లాట్ లోపల ఇంతకన్నా చిన్నదిగా ఉండొచ్చు కూడా. అందుకే పోల్చేటప్పుడు చెప్పిన అడుగులను నమ్మకుండా, పెద్ద పడకగదిలో మంచం, బీరువా వేశాక తలుపు తెరుచుకుంటుందా అన్నది చూస్తాను నేను.

ఆ తర్వాత మంచీ చెడూ రెండూ రాయాలి. అక్కావాళ్లది పదేళ్ల బిల్డింగ్, నాలుగంతస్తులు. వీళ్లది రెండో అంతస్తు, పడమర వాకిలి. లిఫ్ట్ ఉంది. కరెంటు పోతే జనరేటర్ లిఫ్ట్‌కూ మెట్ల లైట్లకే, ఇళ్లలోకి రాదు. కారు పార్కింగ్ లేదు, బండి పెట్టుకోవచ్చు. రెండు గదుల్లోనూ కప్‌బోర్డులున్నాయి. కార్పొరేషన్ కుళాయి నీళ్లు సంపుకు వస్తాయి, బోరు కూడా ఉంది, ఎండాకాలంలో ట్యాంకర్ తెప్పించుకోవాల్సిన అవసరం ఇంతవరకూ రాలేదు.

ఈ చివరి వాక్యాన్ని ఒత్తి రాయమంటాను. కల్యాణి డ్యామ్, తెలుగుగంగ నీళ్ల మీద బతికే ఊరు మనది. అద్దెకు చూడ్డానికొచ్చిన ఆడవాళ్లు హాలు చూడకముందే వంటింట్లోకి వెళ్లి కుళాయి తిప్పుతారు. "నీళ్లు ఎన్ని దినాలకొకసారి వదుల్తారు?" అన్నది మొదటి ప్రశ్న. దానికి సూటిగా జవాబు చెప్పగలిగితే సగం బేరం అయినట్టే.

రెండో పని: పోల్చదగ్గ ఇళ్లు వెతకడం

ఇక్కడే ఎక్కువ టైమ్ పెట్టాలి. నాకు రెండు సాయంత్రాలు పట్టింది.

దూరాన్ని కిలోమీటర్లలో చూడకండి. ఇదే ఇల్లు చూసేవాళ్లు ఇంకే ఇళ్లు చూస్తారన్నదే హద్దు. స్విమ్స్‌లోనో రుయాలోనో డ్యూటీ ఉన్నవాళ్లు వెతికే వీధులు వేరు, యూనివర్సిటీలో పనిచేసేవాళ్లవి వేరు, రోజూ రేణిగుంట వైపు ఫ్యాక్టరీలకు బస్సెక్కేవాళ్లవి వేరు. రైలు కట్టకు ఇవతల ఒక ఇల్లు, అవతల ఒక ఇల్లు మ్యాప్‌లో పక్కపక్కనే కనిపిస్తాయి. రోజూ పిల్లల్ని బడికి దించేవాళ్లకు మాత్రం ఆ రెండూ ఒకటి కావు. అక్కావాళ్ల ఫ్లాట్ నుంచి నడిచి పది నిమిషాల్లో చేరగలిగిన ఇళ్లు, అదీ డబుల్ బెడ్‌రూమ్‌వి మాత్రమే తీసుకున్నాను.

యాత్రికులకు రోజుల లెక్కన ఇచ్చే ఫ్లాట్ల రేట్లను ఈ లెక్కలోకి రానివ్వకండి. మన ఊళ్లో చాలామంది ఓనర్లు పడే గుంత ఇది. శనివారం ఒక్క రాత్రికి వచ్చే డబ్బును ముప్పైతో గుణించి కలలు కంటారు. అది లాడ్జి వ్యాపారం. దానికి పనిమనిషి, దుప్పట్ల ఉతుకు, ఖాళీగా పోయే వారం మధ్య రోజులు, పక్కింటివాళ్లతో గొడవలు ఉంటాయి. నెల అద్దెతో దానికి పోలికే లేదు.

ఇంటర్నెట్‌లో కనిపించే రేట్లు, బోర్డు మీది నంబర్‌కు ఫోన్ చేస్తే చెప్పే రేట్లు అన్నీ అడిగే రేట్లే. మనకు కావాల్సింది కుదిరిన రేటు. అది చెప్పగలిగేది ముగ్గురు: ఈ మధ్యే చేరినవాళ్లు, వీధిలో నాలుగిళ్లు కుదిర్చిన బ్రోకర్, వాచ్‌మన్. నా అనుభవంలో అందరికన్నా నిజం చెప్పేది వాచ్‌మనే, ఎందుకంటే అబద్ధం చెప్పి అతను సంపాదించేదేమీ లేదు. ఎదురు వీధిలో 16,500 ఫ్లాట్ గురించి అడిగితే అతనన్న మాట ఇది: "ఆ ఫ్లాటా సార్? రెండు నెలలుగా ఖాళీనే ఉండాది. సారు దిగిరాడు. చూసేవాళ్లు వస్తా ఉండారు, పోతా ఉండారు."

బావ ఆధారంగా పెట్టుకున్న అంకె ఇదే. రెండు నెలలుగా వేలాడుతున్న బోర్డు ఆ ఇంటి విలువ చెప్పదు. ఆ రేటుకు ఎవరూ రావట్లేదని మాత్రం చెబుతుంది. అలాగని దాన్ని పారేయక్కర్లేదు, పైహద్దుగా వాడుకోవచ్చు.

ప్రతి ఇంటికీ ఐదు విషయాలు రాసుకోవాలి: కుదిరిన అద్దె, మెయింటెనెన్స్ అందులో కలిసిందా లేదా, ఏ నెలలో కుదిరింది, కుదరక ముందు ఎన్ని రోజులు ఖాళీగా ఉంది, మన ఇంటికీ దానికీ తేడాలేమిటి. నాలుగోదాన్ని దాదాపు ఎవరూ అడగరు. తర్వాత ఖాళీ నెలలు లెక్కేసేటప్పుడు అదే ముఖ్యం. నాకు నాలుగు ఇళ్లు దొరికాయి. ఎనిమిదో పదో కావాలని తిరగక్కర్లేదు. బాగా పోలిన మూడు ఇళ్లు, పోలని పదింటికన్నా మేలు.

మూడో పని: అన్నిటినీ ఒకే తక్కెడలో వేయడం

ముందు మెయింటెనెన్స్ సంగతి తేల్చాలి. ఒకరు 12,500 ప్లస్ మెయింటెనెన్స్ అంటారు, ఇంకొకరు అన్నీ కలిపి 13,000 అంటారు. చూడ్డానికి రెండోది ఎక్కువ, నిజానికి తక్కువ. అందుకే ప్రతి ఇంటికీ అద్దెకున్నవాళ్ల చేతిలోంచి నెలకు పోయే మొత్తం ఎంతో రాసుకోవాలి. పోలిక అంతా ఆ మొత్తాల మధ్యే.

ఆ తర్వాత తేడాలను డబ్బుగా మార్చాలి. ఎప్పుడూ సవరించేది ఎదుటి ఇంటి అంకెనే, మనదాన్ని కాదు. మనకు లేనిది దానికి ఉంటే దాని అంకెలోంచి తీసేయాలి. మనకున్నది దానికి లేకపోతే కలపాలి. అలా చేస్తే ప్రతి ఇల్లూ, "నేనే మీ ఫ్లాట్‌ని అయ్యుంటే ఇంతకు పోయేదాన్ని" అని ఒక అంకె చెబుతుంది. తొందరలో కూడికా తీసివేతా తారుమారయ్యే ప్రమాదం ఉంది, ఒకసారి పైకి చదువుకుని చూసుకోండి.

సరే, కారు పార్కింగ్‌కు ఎంత వేయాలి? ఊహించి వేయకూడదు. ఒకే బిల్డింగ్‌లో, ఒకే కాలంలో కుదిరిన, ఆ ఒక్క తేడా తప్ప మిగతా అన్నిటా ఒకేలా ఉన్న రెండు ఫ్లాట్లను పట్టుకోవాలి. మా అక్కావాళ్ల బిల్డింగ్‌లోనే మూడో అంతస్తులో రెండు ఫ్లాట్లు రెండేళ్ల కిందట ఒకే నెలలో కుదిరాయి. పార్కింగ్ ఉన్నది 11,000కు, లేనిది 10,000కు. ఆ అద్దెలు పాతవి కాబట్టి ఈ రోజు రేటు చెప్పవు. కానీ వాటి మధ్య తేడా పనికొస్తుంది. పార్కింగ్‌కు 1,000 అని అలా తేలింది.

అన్నిటికీ ఇలాంటి జతలు దొరకవు. దొరకనప్పుడు, "ఈ ఒక్క సౌకర్యం కోసం నెలకు ఎంత ఎక్కువిస్తారు?" అని ఆ వీధిలో ఇల్లు వెతుకుతున్న ఇద్దరు ముగ్గురిని అడిగి, వచ్చిన వాటిలో తక్కువ అంకె తీసుకున్నాను. పెట్టిన ఖర్చును చూసి మాత్రం వేయకండి. లక్షన్నర పెట్టి వంటగదికి చెక్కపని చేయించినా, అద్దెలో దానికి నాలుగైదు వందలు వస్తే గొప్పే. అదే కప్‌బోర్డులు అసలు లేకపోతే వచ్చినవాళ్లు బీరువాలు కొనుక్కోవాలి, అందుకే ఆ లోటు బాగా కనబడుతుంది.

ఇప్పుడు ఆ నాలుగు ఇళ్లు.

మొదటిది అక్కావాళ్ల బిల్డింగ్‌లోనే, నాలుగో అంతస్తు. రెండు నెలల కిందట కుదిరింది, ఖాళీగా ఉన్నది 20 రోజులు. అద్దె 12,500, మెయింటెనెన్స్ 1,200, మొత్తం 13,700. దానికి కారు పార్కింగ్ ఉంది, మనకు లేదు, కాబట్టి 1,000 తీసేశాను. అది పై అంతస్తు. తిరుపతి మే నెల ఎండకు కాలిన స్లాబు రాత్రి పదకొండింటికి కూడా వేడి దింపుతూనే ఉంటుంది. మనది రెండో అంతస్తు కాబట్టి 400 కలిపాను. తేలింది 13,100.

రెండోది రెండు వీధులవతల అదే వయసున్న అపార్ట్‌మెంట్, కారు పార్కింగ్ లేదు. నాలుగు నెలల కిందట కుదిరింది, 25 రోజులు పట్టింది. అద్దె 12,000, మెయింటెనెన్స్ 1,000. అక్కడ బోరు ఎండాకాలం మూడు నెలలు అడుగంటుతుంది, ట్యాంకర్లకు ఇంటికి నెలకు 600 చొప్పున పడుతుంది. ఏడాదికి 1,800, అంటే నెలకు 150. మొత్తం 13,150. దానిది తూర్పు వాకిలి, మనది పడమర. వాస్తు మీద నాకు పట్టింపు లేదు కానీ వచ్చేవాళ్లకు ఉంటుంది, 300 తీసేశాను. తేలింది 12,850.

మూడోది ఇండిపెండెంట్ ఇంట్లో మొదటి అంతస్తు పోర్షన్. పోయిన నెలలో 12 రోజులకే కుదిరింది. అద్దె 11,000, మోటార్ కరెంటు వాటా 200. లిఫ్ట్, వాచ్‌మన్ లేవని 500, ఓనర్ కిందే ఉండి రాత్రి పదికి గేటుకు తాళం వేస్తాడని 400, కప్‌బోర్డులు ఒకే గదిలో ఉన్నాయని 400 కలిపాను. తేలింది 12,500. ఇన్ని సవరణలు పడిన ఇంటిని ఎక్కువగా నమ్మను.

నాలుగోది ఆ 16,500 ఫ్లాట్. మెయింటెనెన్స్ 1,500తో 18,000. అది మూడేళ్ల బిల్డింగ్, గదులు కాస్త పెద్దవి, కారు పార్కింగ్, ఇంట్లోకి జనరేటర్ కరెంటు. వీటన్నిటికీ కలిపి 2,600 తీసేస్తే 15,400. ఆ రేటుకు రెండు నెలలుగా ఎవరూ రాలేదు. బావ అడుగుతున్నది మెయింటెనెన్స్‌తో కలిపి 15,700. అంటే కుదరని ఇంటికన్నా మనమే ఖరీదు. రెండు బోర్డులూ ఎదురెదురుగా ఎందుకు వేలాడుతున్నాయో ఆ రోజు అర్థమైంది.

సగటు తీయొద్దు. మొదటి ఇల్లు మన బిల్డింగే, కొత్తగా కుదిరింది, రెండే సవరణలు. దానికి ఎక్కువ బరువివ్వాలి. రెండోది దాని వెనక, మూడోది కిందిహద్దు. అలా చూస్తే మొత్తం 13,000 దగ్గర నిలిచింది. మెయింటెనెన్స్ 1,200 తీసేస్తే అద్దె 11,800.

ఫోన్‌లో ఈ అంకె చెబితే బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఒక వెయ్యి ఎక్కువ చెప్పి చూద్దాం, పోయేదేముంది?" అన్నాడు. పోయేదేమిటో లెక్క కట్టాల్సింది ఇక్కడే.

నాలుగో పని: ఖాళీగా పోయే రోజుల లెక్క

ఒక నెల ఖాళీగా ఉంటే పోయేది అద్దె ఒక్కటే కాదు. మెయింటెనెన్స్ కూడా ఓనర్ నెత్తినే పడుతుంది. మన ఫ్లాట్‌కు అది 11,800, 1,200 కలిపి 13,000. కరెంటు మీటర్ మీద వాడకున్నా వచ్చే చిన్న బిల్లును వదిలేశాను.

నోటితో వేసుకోగలిగిన లెక్క ఇది. ఎక్కువ అడిగే మొత్తాన్ని, వచ్చేవాళ్లు ఉండే నెలలతో గుణించండి. వచ్చినదాన్ని ఒక ఖాళీ నెల నష్టంతో భాగించండి. ఎన్ని నెలలు ఎక్కువ ఆగినా నష్టం లేదో అది చెబుతుంది. వెయ్యి ఎక్కువ అడిగి, వచ్చినవాళ్లు 22 నెలలుంటే 22,000 అదనంగా వస్తుంది. దాన్ని 13,000తో భాగిస్తే 1.7, అంటే ఏడు వారాల పైచిలుకు ఆగినా పర్లేదు. వాళ్లు 11 నెలలకే వెళ్లిపోతే 11,000 బై 13,000, ఒక నెల కూడా లేదు, 25 రోజులు.

కాబట్టి "ఎక్కువ అడగడం తప్పు" అని గుడ్డిగా చెప్పలేం. ఎవరొస్తారు, ఎంతకాలం ఉంటారు అన్నదాన్ని బట్టి ఉంటుంది. బావ మాటలో కొంత నిజముందని నాకు అక్కడే తట్టింది. అందుకని రెండు దారులనూ పూర్తిగా వేసి చూశాను. ఉండే నెలల అద్దెలోంచి ఖాళీ నెలల మెయింటెనెన్స్ తీసేసి, మొత్తం నెలలతో భాగిస్తే నెలకు నిజంగా చేతికొచ్చేది తెలుస్తుంది.

11,800కు ఇస్తే, పక్కిళ్ల అనుభవాన్ని బట్టి మూడు వారాల్లో కుదరాలి. దాన్ని 0.7 నెల అనుకున్నాను. 22 నెలలుంటే, 2,59,600లో 840 తీసి 22.7తో భాగించాలి. నెలకు సుమారు 11,400. 12,800కు అయితే రెండు నెలలు పడుతుందనుకుందాం. అదే 22 నెలలుంటే, 2,81,600లో 2,400 తీసి 24తో భాగిస్తే 11,630. బావదే గెలుపు.

అయితే వెయ్యి ఎక్కువిచ్చి చేరినవాళ్లు కూడా అంతే కాలం ఉంటారా? చేరిన రెండు నెలలకే మెట్ల దగ్గర పైఫ్లాట్ వాళ్లతో మాటల్లో తమకన్నా పెద్ద ఇల్లు తక్కువకు దొరికిందని తెలుస్తుంది. 11 నెలల అగ్రిమెంట్ అయిపోగానే వేరే ఇల్లు వెతుక్కుంటారు. 22 బదులు 14 నెలలే ఉన్నారనుకోండి. 1,79,200లో 2,400 తీసి 16తో భాగిస్తే 11,050. గెలుపు ఓటమైంది. పైగా ఖాళీ చేసిన ప్రతిసారీ పెయింటింగ్, క్లీనింగ్, కుళాయిల రిపేరు ఉంటాయి, అవి ఇందులో కలపనే లేదు.

మీ ఫ్లాట్‌లో ఇంతకుముందున్న ముగ్గురు ఎన్నెన్ని నెలలున్నారో గుర్తు చేసుకోండి. ఊహకన్నా అదే మంచి ఆధారం. అక్కావాళ్ల ఫ్లాట్‌లో ఒకరు 26, ఒకరు 19, ఒకరు 12 నెలలున్నారు. సగటు 19. ఇంత దగ్గరి లెక్కలో వెయ్యి కోసం రెండు నెలలు పందెం కాయడం నాకు నచ్చలేదు.

ఖాళీగా ఉండే కాలం అన్ని నెలల్లో ఒకేలా ఉండదు, ఇందులో మన ఊరి పంచాంగానికి పెద్ద చెయ్యి. ఏప్రిల్, మే నెలల్లో బళ్లు మారేవాళ్లు, బదిలీల మీద వచ్చేవాళ్లు ఇళ్లు చూస్తారు. ఆషాఢం వచ్చిందంటే పాలు పొంగించి కొత్తింట్లో దిగేవాళ్లు అరుదు. చూసినవాళ్లు కూడా "శ్రావణంలో దిగుతాం సార్, అప్పటిదాకా ఉంచండి" అంటారు, ఉంచిన నెలకు అద్దె మాత్రం ఇవ్వరు. ఆషాఢం సాధారణంగా జూన్ చివర్లోనో జూలైలోనో మొదలవుతుంది, అంతకుముందే అధిక మాసం వచ్చిన ఏడు జూలై మధ్యదాకా ఆలస్యమవుతుంది. డిసెంబర్ మధ్యలో మొదలయ్యే ధనుర్మాసం, ఆ వెనకొచ్చే పుష్యం కూడా ఇలాంటివే. మే మధ్యలో మూడు వారాలు పట్టే ఫ్లాట్‌కు ఆషాఢం ముంగిట ఏడెనిమిది వారాలు వేసుకోవాలి. అంటే మే మొదట్లో ఐదొందలు ఎక్కువ అడిగి చూడొచ్చు, జూన్ మధ్యలో ఆ ధైర్యం చేయకూడదు.

పెట్టే షరతులు కూడా ఖాళీ రోజులను పెంచుతాయి. బ్యాచిలర్లు వద్దు, మాంసాహారం వద్దు, నలుగురికన్నా ఎక్కువ వద్దు అని ఒక్కొక్కటి చేర్చేకొద్దీ వచ్చే పదిమందిలో ఇద్దరో ముగ్గురో తగ్గుతారు. ఇల్లు మీది, షరతు మీ ఇష్టం. కానీ షరతులూ ఉండాలి, వీధిలో అందరికన్నా ఎక్కువ అద్దే రావాలి, వారంలో కుదరాలి అంటే ఈ మూడూ ఒకచోట దొరకవు. అక్క ముందు "ఫ్యామిలీకి మాత్రమే" అంది. ఆసుపత్రులు దగ్గరున్న చోట ముగ్గురు నర్సులు కలిసి ఇల్లు తీసుకుంటే ఇల్లూ శుభ్రంగా ఉంటుంది, అద్దే టైముకు వస్తుంది అని చెప్పాక ఆ ముక్క బోర్డులోంచి తీసేసింది.

ఐదో పని: రేటు బయటపెట్టి, వచ్చే స్పందనను చదవడం

కావాల్సింది 11,800. చెప్పాల్సింది ఎంత? మనవాళ్లు ఎంత చెప్పినా "ఓ మూడొందలు తగ్గించండి సార్" అనకుండా వెళ్లరు. కాబట్టి కొంచెం జాగా ఉంచుకోవాలి, కానీ కొంచెమే. ఇల్లు వెతికేవాళ్లు "12 వేల లోపు" అని గీత గీసుకుని వెతుకుతారు. 12,300 అని పెడితే ఆ గీతకు అవతల పడిపోతాం, వాళ్లు ఫోన్ కూడా చేయరు. అందుకే 12,000 అని పెట్టాం. మెయింటెనెన్స్ 1,200 విడిగా అని బోర్డు మీదే రాశాం, వచ్చాక చెబితే మోసపోయినట్టు ముఖం పెడతారు.

రేటు బయటపెట్టే ముందే బావతో రెండు విషయాలు ఒప్పించుకున్నాను. జూన్ 5 దాకా 11,500కన్నా కిందికి దిగం. అప్పటికీ కుదరకపోతే ఒకేసారి 11,400కు తగ్గిస్తాం. ఇవి ముందే రాసుకోకపోతే ఖాళీగా గడిచే ప్రతి వారం "ఇంకొక్క వారం చూద్దాం" అనిపిస్తుంది. తగ్గించేటప్పుడు వందా రెండొందలు కాదు, వెతికేవాళ్ల కంట పడేంత తగ్గించాలి.

ఆ రోజు నుంచి ఒక కాగితం మీద ఎన్ని ఫోన్లు, ఎంతమంది చూడ్డానికి వచ్చారు, ఎంతమంది అడ్వాన్స్ మాట ఎత్తారు అని మూడు గీతలు గీసుకుంటూ పోయాను. పది రోజుల్లో ఫోన్లే రాకపోతే రేటు ఎక్కువైనా అయ్యుండాలి, బోర్డు ఎవరికీ కనబడకపోయినా ఉండాలి. ఫోన్లొచ్చి మనుషులు రాకపోతే, ఫోన్‌లో మనం చెబుతున్న ఏదో ఒక మాట వాళ్లను ఆపేస్తోంది. మనుషులొచ్చి చూసి వెళ్లిపోతుంటే రేటు సరిగ్గానే ఉండి ఇంట్లో ఏదో ఉన్నట్టు. మాకు మొదటి ఐదు రోజుల్లో పదకొండు ఫోన్లు, ఆరుగురు మనుషులు వచ్చారు, ఒక్కరూ అడ్వాన్స్ మాట ఎత్తలేదు. ఆరో మనిషి భార్య బాత్రూమ్ దగ్గర ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. రెండున్నర నెలలు నీళ్లు పోయక కింది జాలీలో నీరు ఎండిపోయి పైపులోంచి వాసన కొడుతోంది. రెండు బకెట్లు నీళ్లు పోసి, గోడ మీది చెమ్మ మరకకు ఒక కోటింగ్ వేయించాం. మొత్తం ఖర్చు 1,400. దాని బదులు అద్దె తగ్గించి ఉంటే నెలకు ఐదొందలు పోయేది.

అడ్వాన్స్ గురించి ఒక మాట. బావ బెంగళూరు లెక్కలో భారీ అడ్వాన్స్ అడగమన్నాడు. అడ్వాన్స్ తిరిగిచ్చేయాల్సిన డబ్బు, మనకు మిగిలేది దాని మీద వడ్డీ మాత్రమే. 50,000 ఎక్కువ తీసుకుని 7 శాతానికి బ్యాంకులో వేస్తే ఏడాదికి 3,500, నెలకు 290. అంత డబ్బు ఒకేసారి తేలేక వెనక్కి తగ్గే మంచి మనుషులు పోవడం దానికన్నా ఖరీదు. మూడు నెలల అద్దెకు ఒప్పించాను.

అగ్రిమెంట్ 11 నెలలకే రాయించాం. మామూలుగా అందరూ 11 నెలలకే రాసుకుంటారు. పొడిగిస్తే ఎంత పెంచుతామన్నది మొదటి పేజీలోనే రాయించాం, 5 శాతం. ఉన్నవాళ్ల అద్దె పెంచేటప్పుడూ పై లెక్కే వాడాలి. వీధిలో రేటు 13,000 అయిందని ఉన్నవాళ్లను ఒక్కసారిగా వెయ్యి పెంచమంటే, వాళ్లు వెళ్లిపోయి ఒక నెల ఖాళీ పడితే ఆ వెయ్యిలో ఏడాది మొత్తం పోతుంది. రేటుకు రెండు మూడొందలు తక్కువలో మంచివాళ్లను ఉంచుకోవడమే నాకు లాభంగా కనిపిస్తుంది.

బోర్డు మార్చిన పదహారో రోజున ఫ్లాట్ కుదిరింది. భార్యాభర్తలిద్దరూ ఆసుపత్రి ఉద్యోగులు, ఒక చిన్న పాప. 12,000 చెప్పాం, 11,500 అడిగారు, 11,700 దగ్గర ఆగింది. అక్కడికి అక్కావాళ్లు బావ రేటు పట్టుకుని కూర్చున్న రెండున్నర నెలలకు 32,000 పైన పోయింది. అగ్రిమెంట్ ఫోటోతో పాటు నేనొక చిన్న కాగితం రాసి అక్కకు పంపాను: రెండో అంతస్తు, పార్కింగ్ లేదు, అడిగింది 12,000, కుదిరింది 11,700, 16 రోజులు, మే నెలాఖరు. ఈసారి ఆ బిల్డింగ్‌లో ఏ ఫ్లాట్ ఖాళీ అయినా పోల్చడానికి పనికొచ్చే మొదటి ఇల్లు ఇదే. ఎదురు వీధిలో 16,500 బోర్డు జూలైలో కూడా కనిపించింది, అప్పటికి పై అంకెను కొట్టేసి కింద 15,000 అని రాసుంది.